ఎంపికైనవారు 933 మంది, ప్రకటనల్లో 1,018

2022 సివిల్ సర్వీసెస్ పరీక్ష తుది ఫలితాలు 2023 మే 23న వచ్చాయి. ఆ ఏడు ఎంపికైనవారు దేశం మొత్తమ్మీద 933 మంది. మూడో ర్యాంకు తెలంగాణ అమ్మాయి ఉమా హారతిది కావడంతో తెలుగునాట సంబరం కాస్త ఎక్కువగానే జరిగింది. ఆ ఫలితాలపై కోచింగ్ సంస్థల ప్రకటనలూ మొదలయ్యాయి. ఎంపికైనవారిలో 682 మంది తమవారేనని ఢిల్లీలోని ఖాన్ స్టడీ గ్రూప్ ప్రకటించింది. మొదటి ఐదు ర్యాంకులూ తమవేనని కూడా చెప్పుకుంది. చెన్నై కేంద్రంగా నడిచే శంకర్ ఐఏఎస్ అకాడమీ 336 మంది తమవారని చెప్పింది. ఈ రెండు అంకెలు కలిపితే 1,018. ఎంపికైనవారి కంటే 85 మంది ఎక్కువ. దేశంలో ఉన్న మిగతా వందల కోచింగ్ సెంటర్లలో ఏ ఒక్కటీ ఒక్క అభ్యర్థినీ గట్టెక్కించలేదని అనుకున్నా లెక్క కుదరదు.

ఆ సంస్థలు లేని మనుషుల్ని సృష్టించాయా అంటే, లేదు. ఫొటోల్లో ఉన్నవాళ్లు నిజంగా ఎంపికైనవాళ్లే. వాళ్లు ఆ సంస్థల గడప తొక్కినమాటా నిజమే. అబద్ధమని ఒక్క మాటను వేలుపెట్టి చూపలేని ప్రకటన కూడా జనాన్ని తప్పుదారి పట్టించగలదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఈమధ్య కాలంలో లేదు. వైద్యం, డబ్బు, చదువు అమ్మేవాళ్లంతా దీన్ని జాగ్రత్తగా చదవాలి. కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా చదవాలి.

సంగతి తేల్చింది కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ. పత్రికల భాషలో సీసీపీఏ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులైలో ఏర్పడిన ఈ సంస్థకు తప్పుదోవ పట్టించే ప్రకటనలపై తనంత తానుగా విచారణ జరిపే అధికారం ఉంది. ఖాన్ స్టడీ గ్రూప్‌ను అది అడిగింది ఒకటే: ఈ 682 మంది మీ దగ్గర ఏ కోర్సు తీసుకున్నారో చూపించండి. జవాబులో తేలిందేమిటంటే, వారిలో 674 మంది తీసుకున్నది మాక్ ఇంటర్వ్యూ కార్యక్రమం. అదీ ఉచితం. ఇతర కోర్సులు తీసుకున్నవారు మిగిలిన ఎనిమిది మంది మాత్రమే. శంకర్ అకాడమీ చెప్పిన 336లో కూడా 221 మందికి దక్కింది ఉచిత ఇంటర్వ్యూ మార్గదర్శనమే. రెండు సంస్థలకూ చెరి ఐదు లక్షల రూపాయల జరిమానా పడింది.

ఉచితంగా సాయం చేస్తే తప్పేమిటి, చెప్పుకుంటే తప్పేమిటి అని ఎవరికైనా అనిపించవచ్చు. ఇక్కడే పరీక్ష ఎలా జరుగుతుందో చూడాలి. ఆ ఏడాది సివిల్స్‌కు దరఖాస్తు చేసినవారు 11 లక్షల 35 వేల పైచిలుకు. ప్రిలిమ్స్ రాసినవారు 5,73,735 మంది. అందులోంచి మెయిన్స్‌కు వెళ్లింది 13,090. మెయిన్స్ దాటి ఇంటర్వ్యూకు పిలుపు అందుకున్నది 2,529 మంది. చివరికి నిలిచింది 933.

ప్రిలిమ్స్ గది నుంచి లెక్కవేస్తే దాదాపు 615 మందికి ఒకరు. ఇంటర్వ్యూ గది నుంచి లెక్కవేస్తే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైనే. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిన అభ్యర్థి అప్పటికే ఏళ్లతరబడి చదివి, రెండు పెద్ద జల్లెడలు దాటి వచ్చినవాడు. మొత్తం 2,025 మార్కుల్లో 1,750 మార్కుల రాతపరీక్ష అయిపోయింది, మిగిలింది 275. అలాంటివాడు ధైర్యం కోసం నాలుగైదు చోట్ల మాక్ ఇంటర్వ్యూలకు వెళతాడు. ఎలాగూ డబ్బు అడగరు. ప్రతిచోటా ఒక ఫారం నింపుతాడు, ఒక ఫొటో ఇస్తాడు. ఫలితాలు వచ్చిన రోజు ఆ నాలుగైదు చోట్లా అతని ముఖం ఫ్లెక్సీ మీదికి ఎక్కుతుంది. ఇంటర్వ్యూ దశలో ఉన్నవాళ్లందరినీ ఉచితంగా పిలిచి కూర్చోబెట్టగలిగితే, ఏమీ నేర్పకపోయినా, వాళ్లలో మూడోవంతు మంది ఎంపికవుతారు.

ఆ ఫ్లెక్సీ చూసేది ఎవరు? డిగ్రీ మూడో ఏడాదిలో ఉన్న కుర్రాడు, లేదా అప్పు చేసి పిల్లను ఢిల్లీకో హైదరాబాద్ అశోక్‌నగర్‌కో పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న తండ్రి. వాళ్లు కొనబోయేది ఉచిత మాక్ ఇంటర్వ్యూ కాదు, లక్షల ఫీజున్న పూర్తికాలం కోర్సు. 682 అనే అంకె ఆ కోర్సు పనితనానికి సాక్ష్యమని వాళ్లు అనుకుంటారు. అనుకోవాలనే ఆ అంకెను అక్కడ పెట్టారు. 2019 చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఇచ్చిన నిర్వచనంలో అబద్ధపు వర్ణన, అబద్ధపు గ్యారంటీతో పాటు మరొకటి ఉంది: ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం. జరిమానా ఉత్తర్వులు నిలబడింది ఈ మాట మీదే. ఏ కోర్సు అన్న ఒక్క ముక్క చెప్పి ఉంటే పాఠకుడు ఆ 682ను వేరేగా చదివేవాడు.

ఇలాంటి కేసులు పేరుకుపోయాక 2024 నవంబర్ 13న సీసీపీఏ కోచింగ్ రంగానికి విడిగా మార్గదర్శకాలు విడుదల చేసింది. అప్పటికే 45 నోటీసులు వెళ్లాయి, 18 సంస్థలకు కలిపి 54 లక్షల 60 వేల రూపాయల జరిమానా పడింది. ఈ మార్గదర్శకాలు 50 మందికి మించి విద్యార్థులున్న కోచింగ్ సెంటర్లకు వర్తిస్తాయి. ఆటలు, నాట్యం, నాటకం వంటివి నేర్పే చోట్లకు వర్తించవు. అంతకంటే చిన్న ట్యూషన్లు తమను ఎవరూ అడగరని అనుకోకూడదు. వాటి మీద మూల చట్టమూ, 2022 జూన్‌లో వచ్చిన సాధారణ ప్రకటనల మార్గదర్శకాలూ ఉండనే ఉన్నాయి.

కొత్త మార్గదర్శకాల్లో ఎంపికైన విద్యార్థి ఫొటోకు సంబంధించిన నిబంధన చాలా విలువైనది. ఫొటో వేస్తే పక్కనే పేరు, ర్యాంకు, తీసుకున్న కోర్సు, ఆ కోర్సు ఎంతకాలం, దానికి డబ్బు కట్టారా లేదా అన్నవి ఉండాలి. ఈ వివరాలు ప్రకటనలోని మిగతా ముఖ్యమైన మాటలంత పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. అన్నిటికంటే ముందు విద్యార్థి రాతపూర్వక అనుమతి ఉండాలి, ఆ అనుమతి తీసుకోవాల్సింది ఫలితం వచ్చిన తర్వాతే. ఈ చివరి షరతు వెనుక ఒక అనుభవం ఉంది. చేరేరోజు సంతకం పెట్టించుకునే పది కాగితాల మధ్యలో, మీ పేరూ ఫొటోలూ వాడుకునే హక్కు మాది అన్న కాగితం కూడా ఉంటుంది. సీటు కావాలి, క్లాసు కావాలి అన్న తొందరలో ఉన్న పిల్ల దాన్ని కాదనలేదు. ర్యాంకు చేతికి వచ్చాక అడిగితే ఆమె కాదనగలదు, లేదా నేను మీ దగ్గర రాసింది టెస్టులే కదా, అలాగే రాయండి అనగలదు.

ఇక గ్యారంటీ సంగతి. సీటు ఖాయం, ర్యాంకు ఖాయం, ఉద్యోగం ఖాయం, ప్రమోషన్ ఖాయం అనే మాటలు ఈ మార్గదర్శకాల ప్రకారం పూర్తిగా నిషిద్ధం. ఈ నిషేధం కొందరికి అన్యాయంగా తోస్తుంది. బాగా చెప్పే మాస్టారికి తన మీద తనకు నమ్మకం ఉంటుంది కదా అని వాళ్ల వాదన. కానీ నమ్మకం ఎంత నిజమైనదైనా ఫలితం ఆయన చేతిలో లేదు. ప్రశ్నపత్రం మరొకరు తయారు చేస్తారు, పోటీ ఎంతన్నది ఆ ఏడాది పోస్టుల సంఖ్య తేలుస్తుంది, చదవాల్సింది విద్యార్థి. ఒక బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇంత వడ్డీ ఇస్తానంటే అది తాను తన సొమ్ములోంచి చెల్లించే మాట, ఒప్పందం. చెల్లించకపోతే కోర్టుకు లాగవచ్చు. బ్యాంకు మునిగినా ఒక్కో డిపాజిటర్‌కు ఐదు లక్షల వరకూ బీమా ఉంది. ఆ గ్యారంటీ వెనుక దాన్ని నెరవేర్చగల చెయ్యి కనిపిస్తోంది. ర్యాంకు గ్యారంటీ వెనుక అలాంటి చెయ్యి లేదు.

ర్యాంకు రాకపోతే ఫీజు వాపస్ అన్న రకం ఒకటుంది. ఫీజు తిరిగి ఇవ్వడం సంస్థ చేతిలో పనే కాబట్టి ఆ హామీ ఇవ్వవచ్చు. అయితే దాని నిబంధనలు అందరికీ కనిపించాలి. నూరు శాతం హాజరు ఉండాలి, ప్రతి టెస్టులో 80 మార్కులు దాటాలి, ఫలితం వచ్చిన వారంలోపు దరఖాస్తు చేయాలి అన్న షరతులు చిన్న అక్షరాల్లో పెట్టి, పైన ర్యాంకు గ్యారంటీ అని పెద్దగా రాస్తే అది మళ్లీ మొదటి తప్పే.

చిన్న అక్షరాల గురించి 2022 మార్గదర్శకాలు చెప్పిన ఒక సంగతి తెలుగు పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ప్రకటనలో వివరణ ఏదైనా జోడిస్తే, అది అసలు మాట ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, ఆ అక్షరాల తీరులోనే ఉండాలి. పైన తెలుగులో వంద శాతం ఉద్యోగం అని వేసి, అడుగున చుక్క గుర్తుతో ఇంగ్లిషులో కండిషన్స్ అప్లయ్ అని వేసే అలవాటు ఈ నియమానికి పూర్తిగా విరుద్ధం. పైగా వివరణ అనేది అసలు మాటను విశదం చేయడానికే పనికొస్తుంది. తప్పుదోవ పట్టించే మాటను సరిదిద్దడానికి వివరణను వాడకూడదని కూడా అదే చోట ఉంది. పైన పెద్దగా ఔనని, కింద చిన్నగా కాదని చెబితే చట్టం దృష్టిలో ఆ ప్రకటన పైన చెప్పిందే చెప్పినట్టు.

ఇదంతా ఒక మామూలు జిల్లా కేంద్రంలోని కోచింగ్ సెంటర్ కరపత్రానికి ఎలా వర్తిస్తుందో చూద్దాం. ఊహించిన ఉదాహరణే, కానీ బస్టాండు దగ్గర చేతిలో పెట్టే కాగితాలకు దూరమైనదేమీ కాదు. గ్రూప్-2కు శిక్షణ ఇచ్చే ఆ సెంటర్ కరపత్రంలో నాలుగు మాటలున్నాయి: రాష్ట్రంలో నంబర్ వన్. 85 శాతం సెలెక్షన్. ఉద్యోగం గ్యారంటీ. పది సీట్లే మిగిలాయి, ఆదివారంలోపు చేరండి.

యజమానిని రిజిస్టర్లు తెరిచి చూపమంటే కథ ఇలా ఉంటుంది. ఆ నోటిఫికేషన్‌కు పూర్తి కోర్సులో చేరినవారు 412 మంది. రాతపరీక్షలు అయిపోయాక, సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వచ్చినవారికి ప్రత్యేకంగా ఒక అవగాహన కార్యక్రమం పెట్టారు. దానికి 20 మంది వచ్చారు. వారిలో 17 మందికి ఉద్యోగాలొచ్చాయి. 20లో 17 అంటే 85 శాతం. అంకె తప్పు కాదు. కానీ ఆ 17లో పూర్తి కోర్సు చదివినవారు తొమ్మిది మందే. ఆరుగురు వేరే ఊళ్లలో చదువుకుని ఇక్కడ టెస్ట్ సిరీస్ మాత్రం రాశారు. మిగిలిన ఇద్దరు ఆ చివరి కార్యక్రమానికే తొలిసారి వచ్చినవాళ్లు. పూర్తి కోర్సు తీసుకున్న 412 మందిలో తొమ్మిది మంది అంటే 2.2 శాతం. కరపత్రం అమ్ముతున్నది పూర్తి కోర్సు కాబట్టి దాని పక్కన నిలబడగల అంకె ఇదొక్కటే.

శాతం ఎప్పుడూ రెండు అంకెల మధ్య సంబంధం. పైన ఎంతమంది అన్నదాన్ని అందరూ చూస్తారు, కింద ఎంతమందిలో అన్నది ఎవరూ అడగరు. ప్రకటన రాసేవాడు కింది అంకెను దాచాడంటే శాతాన్ని తనకిష్టమైనంత పెంచుకోవచ్చు. ప్రకటనల స్వయం నియంత్రణ సంస్థ ఆస్కీ కూడా విద్యాసంస్థల విషయంలో ఇదే పట్టుకుంది. ముంబై కేంద్రంగా 1985 నుంచి నడుస్తున్న ఈ సంస్థ ప్రభుత్వానిది కాదు, ప్రకటనల రంగమే ఏర్పాటు చేసుకున్నది. ఇంతమందికి ప్లేస్‌మెంట్లు వచ్చాయని చెప్పే సంస్థ, ఆ తరగతిలో మొత్తం ఎంతమంది చదివి బయటికొచ్చారో కూడా చెప్పాలని దాని నియమావళి అంటుంది. గతంలో వచ్చిన ఉద్యోగాలు రేపటి ఉద్యోగాలకు హామీ కావన్న మాటను, ఉద్యోగాల గురించి చెప్పిన మాట ఎంత అక్షరాల్లో ఉందో అంతకు తగ్గకుండా వేయాలని కూడా అంటుంది. అమీర్‌పేట గోడల మీది పోస్టర్లను ఈ రెండు నియమాలతో పోల్చి చూస్తే ఎన్ని నిలుస్తాయో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు.

కరపత్రంలోని నంబర్ వన్ సంగతి చూద్దాం. ఎవరు చెప్పారు, ఏ తేదీన, ఎంతమందిని అడిగి, దేని ఆధారంగా? ర్యాంకింగ్‌ను ప్రస్తావిస్తే దాన్ని విడుదల చేసిన పత్రికో సంస్థో పేరు, తేదీ వేయాలని ఆస్కీ నియమం. ఆ వివరాలు లేకపోతే ఆ మాట తీసేయాల్సిందే. పది సీట్లే మిగిలాయన్నది కూడా నిజం కావాలి. వచ్చే బ్యాచ్‌కు వంద సీట్లు ఖాళీగా పెట్టుకుని పదే ఉన్నాయని తొందరపెట్టడాన్ని కోచింగ్ మార్గదర్శకాలు పేరుపెట్టి నిషేధించాయి.

ఇలా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే కరపత్రంలో ఏం మిగులుతుంది, 2.2 శాతం అని రాస్తే ఎవరు చేరతారు అని యజమాని అడుగుతాడు. ఆయన భయం నిజమైనది, తోసిపుచ్చాల్సింది కాదు. పక్క వీధిలో సెంటర్ 85 అని వేస్తున్నప్పుడు తాను 2.2 అని వేయడం కష్టమే. ఆయనకు ఇవ్వగల జవాబు రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి, శాతం వేసి తీరాలని ఏ నియమమూ లేదు. వేస్తే పూర్తిగా వేయాలని మాత్రమే ఉంది. వేసేటట్టయితే దాని పక్కనే, ఆ పరీక్ష రాసినవారందరిలో ఎంపికైనవారి శాతం కూడా ఇవ్వవచ్చు. లక్షల మంది రాసే పరీక్షలో అది ఒక శాతానికి ఎంతో దిగువన ఉంటుంది. అప్పుడు 2.2 చిన్నబోయే అంకెలా కనిపించదు.

రెండోది అసలైనది. తన చేతిలో ఉన్నవన్నీ ఆయన ధైర్యంగా చెప్పుకోవచ్చు. కోర్సు ఆరు నెలలు, రోజుకు నాలుగు గంటల క్లాసు. చరిత్ర చెప్పేది ఫలానా ఆయన, ఆయన చదువు ఇది, బోధనలో ఇన్నేళ్లు. వారానికొక టెస్టు, రాసిన జవాబు పత్రం ఏడు రోజుల్లో దిద్ది చేతికిస్తాం. ఒక్క బ్యాచ్‌లో 60 మందికి మించి తీసుకోం. మొదటి రెండు వారాల్లో నచ్చకపోతే ఇంత మినహాయించుకుని మిగతా ఫీజు వాపసిస్తాం. వీటిలో ప్రతిదీ రుజువు చేయగలిగిందే, తప్పితే నిలదీయగలిగిందే. నిజానికి చేరబోయేవాడికి కావాల్సిన సమాచారం కూడా ఇదే. ర్యాంకు గ్యారంటీ అని రాసే కాగితాల్లో ఈ వివరాలు సాధారణంగా కనిపించవు, కనిపించనివ్వరు.

వైద్యం, డబ్బు విషయాలకు వస్తే సూత్రం ఇదే అయినా నియమాలు మరింత గట్టివి. కొన్ని జబ్బుల విషయంలో చట్టం రుజువు ఉందా లేదా అని కూడా అడగదు. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం ఒక పట్టిక ఇచ్చింది. మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు, మూర్ఛ, పక్షవాతం, బొల్లి, ఊబకాయం, కిడ్నీలో రాళ్లు, ఎత్తు పెరగడం వంటివి అందులో ఉన్నాయి. ఈ మందుతో ఆ జబ్బు నయమవుతుందని మామూలు జనానికి ప్రకటించడమే నేరం. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం మందుల దుకాణాల్లో సోదాలు చేసి, షుగరు తగ్గిస్తుందని, కిడ్నీ రాళ్లు కరిగిస్తుందని లేబుల్ మీద వేసిన మందులను ఈ చట్టం కిందే స్వాధీనం చేసుకుంటోంది. ఆ సీసా మీది చీటీ కూడా చట్టం ముందు ప్రకటనే. జబ్బుతో భయపడి ఉన్న మనిషి వాదనను తూచి చూసే స్థితిలో ఉండడు. అందుకే ఆ వాదన అతని దాకా పోకుండానే ఆపేశారు. పతంజలి ఆయుర్వేద సంస్థ ప్రకటనలపై ఇండియన్ మెడికల్ అసోసియేషన్ సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసులోనూ ఈ 1954 చట్టమే ముందుకొచ్చింది. జబ్బులు పూర్తిగా నయం చేస్తామన్న ప్రకటనలు ఆపుతామని 2023 నవంబర్‌లో కోర్టుకు మాటిచ్చి, ఆ తర్వాతా కొనసాగించినందుకు 2024లో ఆ సంస్థ పత్రికల్లో క్షమాపణలు ప్రచురించాల్సి వచ్చింది.

డబ్బు వైపు సెబీ 2023 ఏప్రిల్‌లో పెట్టుబడి సలహాదారులకు, రీసెర్చ్ అనలిస్టులకు ఒక ప్రకటనల నియమావళి ఇచ్చింది. ఖచ్చితమైన లాభం అనకూడదు. రిస్కు లేదు అనకూడదు. బెస్ట్, నంబర్ వన్, టాప్ వంటి మాటలు వాడకూడదు. గతంలో మేమిచ్చిన సలహాలతో ఇంత లాభం వచ్చిందని చెప్పుకోకూడదని కూడా అప్పట్లో పెట్టారు. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మార్కెట్ రిస్కు హెచ్చరిక మాత్రం తప్పక ఉండాలి. గత లాభాల మీద ఆంక్ష చూసి ఆశ్చర్యపోయేవారుంటారు. జరిగింది చెప్పడం ఎందుకు తప్పు? మళ్లీ కింది అంకె దగ్గరికే రావాలి. ఏడాదిలో 200 సలహాలిచ్చినవాడు వాటిలో పండిన పదిని తీసి చూపిస్తే, ఆ పదీ నిజమే అయినా, మిగతా 190 సంగతి చూసేవాడికి తెలియదు. మాక్ ఇంటర్వ్యూ ఫొటోలు, ఏరి పెట్టిన స్టాక్ సలహాల స్క్రీన్‌షాట్లు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి.

చిన్న వ్యాపారులు ఎక్కువగా తడబడేది వాట్సాప్ దగ్గర. గ్రూపులో పెట్టిన సందేశం ప్రకటన కాదని, తెలిసినవాళ్లతో మాట్లాడినట్టేనని వాళ్లు అనుకుంటారు. 2019 చట్టం ప్రకటనకు ఇచ్చిన అర్థం చాలా విశాలం. వెలుగు, శబ్దం, పొగ, గ్యాస్, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమం, ఇంటర్నెట్, ఏ మార్గంలో ప్రచారం చేసినా ప్రకటనే. నోటీసు, సర్క్యులర్, లేబుల్, ఇన్‌వాయిస్ కూడా అందులోకి వస్తాయి. మా దగ్గర చేరిన వంద మందిలో వంద మందికీ ఉద్యోగాలొచ్చాయని ఒక టెలీకాలర్ ఫోన్లో చెప్పినా, రాసి పెట్టలేదు కాబట్టి పరవాలేదనుకోవడం పొరపాటు.

అందుకే జాగ్రత్తగా ఉండే సంస్థలు ప్రకటన ముద్రణకు వెళ్లకముందే ఒక ఫైలు తయారు చేసుకుంటాయి. ప్రకటనలోని ప్రతి అంకె పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసిన కాగితం ఉంటుంది. ఎంపికైన విద్యార్థి విషయంలో అయితే చేరిన తేదీ ఉన్న దరఖాస్తు, ఫీజు రశీదు, హాల్‌టికెట్ నంబరు, ఫలితం తర్వాత తీసుకున్న అనుమతి పత్రం. చేరిన తేదీ చాలా కీలకం. పరీక్ష అయిపోయాక, కొన్నిసార్లు ఫలితం కూడా వచ్చాక చేరినట్టు చూపిన పేర్లు ఈ తేదీ దగ్గరే దొరికిపోతాయి. నోటీసు వచ్చాక కాగితాలు వెతుక్కునే సంస్థకు ఈ లెక్కలు కుదరవు. ఫైలులో ఆధారం దొరకని మాటను కొట్టేయడమో, మార్చి రాయడమో ముద్రణకు ముందే జరగాలి. అనుభవం ఉన్న అధ్యాపకులు అని రాసేచోట ఎంత అనుభవం అని అడిగితే అంకె ఉండాలి. వేలాది విద్యార్థులు అని ఉంటే ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అన్నది ఉండాలి.

తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల రూపాయల వరకూ, మళ్లీ చేస్తే 50 లక్షల వరకూ జరిమానా వేసే అధికారం సీసీపీఏకు ఉంది. ప్రకటనలో కనిపించి సిఫారసు చేసిన ప్రముఖుడికీ అదే జరిమానా. పైగా ఏడాది వరకూ, మళ్లీ తప్పు చేస్తే మూడేళ్ల వరకూ ఏ ప్రకటనలోనూ కనిపించకుండా నిషేధించవచ్చు. చెబుతున్న మాట నిజమేనా అని ముందే విచారించుకున్నానని రుజువు చేసుకోగలిగితేనే అతనికి మినహాయింపు.

ఈ నియమాలు పనిచేసేది ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తేనో, అధికారుల కంట పడితేనో. జిల్లాల్లో పంచే కరపత్రం ఢిల్లీ దాకా దానంతట అది పోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అది కాక, తప్పుదోవ పట్టించే ప్రకటనపై రాతపూర్వక ఫిర్యాదును నేరుగా జిల్లా కలెక్టరుకు ఇవ్వవచ్చని 2019 చట్టంలో ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఫిర్యాదుతో పాటు కరపత్రం అసలు కాపీ, హోర్డింగ్ అయితే తేదీ తెలిసేలా తీసిన ఫొటో, వాట్సాప్ సందేశం అయితే పంపిన నంబరు కనిపించే స్క్రీన్‌షాట్ పెట్టాలి. ఫీజు కట్టి ఉంటే రశీదు కూడా జతచేయాలి. ఇంకా చేరనివారు అక్కడే కౌంటర్ దగ్గర నిలబడి అడగాల్సిన ప్రశ్నలు మూడే: ఈ ఫొటోలో ఉన్నవాళ్లు ఏ కోర్సు తీసుకున్నారు, ఎప్పుడు చేరారు, వాళ్లతో పాటు అదే కోర్సులో మొత్తం ఎంతమంది చేరారు. జవాబు కాగితం మీద రాసిమ్మని కూడా అడగాలి.